ఊరు లేని డబ్బు, డబ్బు లేని పార్శిళ్ళు

"ఏమ్మాయ్, నా జీతం కోసేది నువ్వేనటగా?"

అడిగింది పార్శిల్ గదిలో పనిచేసే పిన్ని. అడిగించుకున్నది లెక్కల గదిలో పనిచేసే చుక్కలక్క. ఇద్దరూ భోజనాలయ్యాక కుళాయి దగ్గర గిన్నెలు కడుక్కుంటున్నారు. కుళాయి కింద తూము ఎప్పుడూ పూడుకుపోయే ఉంటుంది. దిండ్లలోంచి రాలిన దూదీ ఎంగిలి మెతుకులూ కలిసి అందులో బూడిదరంగు జిగురు తేలుతుంటుంది. ఎవరో ఒకరు పుల్ల పెట్టి కదిలిస్తే తప్ప నీళ్ళు దిగవు. ఆ కంపులో నిలబడి అలాంటి మాట అడిగించుకోవడం ఏ ఆడదానికైనా కష్టమే. చుక్కలక్కకి ఇంకా కష్టం. ఎందుకంటే జవాబు అవునో కాదో ఆమెకి తెలియదు.

"కాదు పిన్నీ" అనబోయింది. అనకుండా పుల్ల తీసుకుని తూము కదిలించింది.

పరుపులు, దిండ్లు, దుప్పట్లు ఆన్‌లైన్లో అమ్మే సంస్థ అది. కింద గోదాము, మధ్యలో పార్శిల్ గది, పైన ఆఫీసు. మెట్ల దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో "ఇక్కడ ఉద్యోగులు లేరు, కుటుంబ సభ్యులే ఉన్నారు" అని రాయించారు. ఆ బోర్డు పెట్టిన ఏడాదే జీతాల పెంపు ఆపేశారు. ఇంట్లోవాళ్ళకి జీతం పెంచేదేమిటని కాబోలు.

చుక్కలక్క పని వినడానికి చిన్నది. ఆమె ఆడపడుచు ఒకసారి అననే అంది: "వచ్చిన డబ్బు వచ్చిందా లేదా అని చూడ్డానికి జీతమా వదినా? బ్యాంకు వాడే చెప్తాడుగా!" బ్యాంకు వాడు చెప్పడు. అదే తంటా. నిన్న మూడు వందల మంది కొన్నారనుకోండి. వాళ్ళ డబ్బు మూడు వందల ముక్కలుగా రాదు. మధ్యలో చెల్లింపుల కంపెనీ ఒకటి ఉంటుంది. అది అందరి దగ్గరా వసూలు చేసి, తన కమీషనూ దాని మీద పన్నూ మినహాయించుకుని, వెనక్కి ఇచ్చిన సొమ్ములు తీసేసి, మిగిలింది ఒక్క ముద్దగా మర్నాడు పొద్దున బ్యాంకులో పడేస్తుంది. ముద్దతో పాటు ఒక చిట్టా పంపుతుంది. ఆ చిట్టాలో నికరం, బ్యాంకులో పడ్డ మొత్తం ఒకటేనా? అది మొదటి చూపు. చిట్టాలో ఒక్కో చెల్లింపుకీ మన పుస్తకంలో ఒక్కో ఆర్డరు ఉందా, అంకె సరిపోయిందా? అది రెండో చూపు. సరిపోయిన ప్రతి గీత పక్కనా ఆమె పెన్సిల్‌తో ఒక చుక్క పెడుతుంది. పేరు అలా వచ్చింది. తెర మీద సరిచూసుకునే రోజుల్లో కూడా కాగితం తీసి చుక్క పెడితే గానీ ఆమెకి తిన్నది అరగదు.

ఈ ఉద్యోగానికి ముందు పదకొండేళ్ళు బస్సు డిపోలో చేసింది. కండక్టర్లు తెచ్చి పోసే సంచుల్లో డబ్బుని టికెట్లతో సరిచూడ్డం. చెమటా తుప్పూ కలిసిన నాణేల వాసన వేళ్ళకి పట్టి, ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే అదే వాసన. అందుకే ఇక్కడ చేరినప్పుడు ప్రాణం లేచొచ్చింది. డబ్బు కంటికి కనిపించదు, ముక్కుకి తగలదు. తెర మీద అంకె పడుతుంది, అంతే. వాసన లేని డబ్బుంటే అందులో మురికి కూడా ఉండదని నమ్మింది. నలభై అయిదేళ్ళ మనిషి ఆ వయసులో నమ్మాల్సిన మాట కాదది.

ఆమె చుక్క పెట్టలేని గీతలు రెండు రకాలు. ఆర్డరు పుస్తకంలో "చెల్లించారు" అని ఉండి, సరుకు కూడా వెళ్ళిపోయి, డబ్బు మాత్రం చిట్టాలో కనిపించనివి ఒక రకం. అవి డబ్బు లేని పార్శిళ్ళు. డబ్బు చిట్టాలో పడి, దానికి తగిన ఆర్డరు పుస్తకంలో "రద్దు" అని ఉన్నవి ఇంకో రకం. వాటిని ఆమె ఊరు లేని డబ్బు అనేది. రెండో రకాన్ని అనామతు ఖాతాలో వేసేది. ఎవరిదో తేలేదాకా పక్కన పెట్టే ఖాతా అది. నెలాఖరున రెండు జాబితాలూ రెండు కాగితాల మీద తీసి సారుకి ఇచ్చేది. సారంటే యజమాని.

సారు మొదటి కాగితం చూసి పళ్ళు కొరికేవాడు. రెండో కాగితం చూసి నవ్వేవాడు. "అడిగినవాడికి ఇద్దాంలే" అనేవాడు. ఎవరూ అడిగేవారు కాదు. నెల తిరిగేసరికి ఆ మొత్తాన్ని "ఇతర ఆదాయం" కింద మార్చమనేవాడు. ఆమె మార్చేది. కొన్నవాళ్ళ డబ్బు నొక్కేస్తున్నాడని ఆమెకి అనుమానం ఉంది. ఉండీ ఎనిమిది నెలలు నోరు మెదపలేదు. ఆ మాట తర్వాత తలుచుకున్నప్పుడల్లా నాలుక మీద మళ్ళీ నాణెం పెట్టినట్టయ్యేది.

మరి మొదటి కాగితం ఏమవుతోందో ఆమె ఏ రోజూ అడగలేదు. ఇప్పుడు కుళాయి దగ్గర తెలిసింది.

"డబ్బు రాని పార్శిలు వదిలింది నేనేనట. వదిలినదాని ఖరీదు నా జీతంలో కోస్తున్నాడు" అంది పిన్ని, గిన్నె బోర్లిస్తూ. "ఎనిమిది నెలలు. మొత్తం నలభై ఒక్క వేల ఎనిమిది వందల అరవై. నీ కాగితం చూపించి మరీ కోస్తాడు. చుక్కలక్క లెక్క తప్పదు అంటాడు."

"చీటీ మీద చెల్లించారు అని ఉంటేనే కదా నువ్వు వదిలేది?"

"మరి? బ్యాంకు నాకేమైనా మేనమామా, వచ్చి చెవిలో చెప్పడానికి?" పిన్ని గొంతు తగ్గించింది. "శనివారంతో లెక్క తేల్చి పంపేస్తానన్నాడు. కాగితం మీద చేతివాటం అని రాస్తాడట. యాభై రెండేళ్ళొచ్చాయి నాకు. దొంగ అని రాసిన కాగితం పట్టుకుని ఏ గుమ్మం ఎక్కమంటావు?"

ఆ రోజు మంగళవారం.

పిన్ని లెక్క రాయడం రాదనేది గానీ లెక్క పెట్టుకోవడం బాగా వచ్చు. కోత పడిన ప్రతి పార్శిలుకీ చీటీ రెండో ముక్క చించి, పాత దిండు గలీబులో దాచింది. బుధవారం పొద్దున ఆ గలీబు తెచ్చి చుక్కలక్క బల్ల మీద కుమ్మరించింది. జిగురు మరకలతో, బొద్దింక పెంటికలతో ఇరవై ఆరు చీటీలు.

"ఇదిగో, ఈవిడ నాకు గుర్తుంది. రెండు గట్టి దిండ్లు, ఒక మెత్తది. పార్శిలు మీద 'మెత్తది మా ఆయనకి కాదు' అని రాయమంది. ఇలాంటి ఆవిడ డబ్బు ఎగ్గొడుతుందా?"

చుక్కలక్కకి నవ్వొచ్చింది, కానీ నవ్వు సగంలో ఆగింది. చీటీ మీద ఆవిడ ఫోన్ నంబరు ఉంది. చివర నాలుగు సున్నాలు. అలాంటి నంబరు ఎవరికైనా గుర్తుండిపోతుంది. ఆమెకీ గుర్తుంది. ఎక్కడ చూసింది?

చెల్లింపుల కంపెనీ చిట్టాలో. కట్టినవారి ఫోన్ నంబరు, బ్యాంకు వాడిచ్చిన లావాదేవీ సంఖ్య, కట్టిన నిమిషం, అన్నీ ఆ చిట్టాలో ఉంటాయి. కానీ ఆమె కాగితం మీద ఉండవు. ఎనిమిది నెలల క్రితం వెడల్పు కాగితాల ప్రింటరు పాడైంది. బాగు చేయించండి సార్ అంటే సారు "చూద్దాం" అన్నాడు. చిన్న కాగితం మీద అన్ని గడులూ పట్టక, ఆమే ఆ మూడు గడులూ మూసేసింది. అప్పటినుంచీ ఆర్డరు నంబరుతో ఆర్డరు నంబరే సరిచూస్తోంది. చూడాల్సింది తన చేత్తోనే మూసి, కనిపించడం లేదని రాస్తోంది.

గడులు తెరిచింది. చివర నాలుగు సున్నాలున్న నంబరు అక్కడే ఉంది. అదే రోజు, అదే మొత్తం. ఆర్డరు నంబరు మాత్రం వేరు. ఊరు లేని డబ్బు జాబితాలో కూర్చుని ఉంది.

రెండు జాబితాల్నీ పక్కపక్కన పెట్టి ఫోన్ నంబరు ప్రకారం వరసలో పేర్చింది. కాగితం మీద పెన్సిల్ ఆగలేదు. ఒక చుక్క, రెండు చుక్కలు, పది. పిన్నికి అంకెలు అర్థం కాలేదు గానీ చుక్కలు అర్థమయ్యాయి. పక్కన నిలబడి లెక్కపెట్టింది. "ఇరవై మూడు!"

ఇరవై మూడు పైసలతో సహా సరిపోయాయి. ఇంకో రెండింటికి ఫోన్ నంబరు కలిసింది గానీ మొత్తం కలవలేదు. ఒక్కోదాంట్లో అరవై ఎక్కువ వచ్చింది. మిగిలిన ఒకే ఒక్కదానికి డబ్బు ఎక్కడా లేదు.

ఎలా జరిగిందో తెలుసుకోవడానికి ఎక్కువ దూరం వెళ్ళనక్కర్లేదు. పక్క గదిలో ఫోన్ దగ్గర కూర్చునే మనిషిని ఆఫీసంతా తేనెగొంతు అంటారు. సారుకి బావమరిది. నలభై ఏళ్ళవాడు. కొనేవాళ్ళతో అమ్మా అంటాడు, తల్లీ అంటాడు. ఫోన్ పెట్టేశాక అనే మాటలు ఇక్కడ రాయడానికి పనికిరావు. గురువారం పొద్దున చుక్కలక్క అతని ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. చల్లారి మీగడ కట్టిన టీ గ్లాసులు బల్ల మీద నాలుగున్నాయి. ఒకదాంట్లో సిగరెట్ పీక తేలుతోంది.

"డబ్బు కట్ అయింది, ఆర్డరు రద్దయింది అని ఎవరైనా ఫోన్ చేస్తే ఏం చేస్తావు?"

"ఏముందక్కా, తల్లీ కంగారు పడకండి అంటాను. డబ్బు కట్ అయినట్టు ఫోటో పంపమంటాను. పంపితే కొత్త ఆర్డరు పెట్టి, చెల్లించారు అని నొక్కి, కిందికి తోసేస్తాను. సేవ అక్కా, సేవ!"

"పాత ఆర్డరు?"

"దాని ఖర్మ. రద్దయిందిగా."

ఎనిమిది నెలల క్రితం పెట్టిన కొత్త వెబ్‌సైట్‌లో, డబ్బు కట్టినట్టు చెల్లింపుల కంపెనీ నుంచి కబురు పది నిమిషాల్లో రాకపోతే ఆర్డరు దానంతటదే రద్దవుతుంది. కబురు పదకొండో నిమిషంలో వస్తే డబ్బు రద్దయిన ఆర్డరు పేరున పడుతుంది. సరుకేమో కొత్త ఆర్డరు పేరున వెళ్తుంది. అందుకే కొన్నవాళ్ళెవరూ డబ్బు వెనక్కి అడగలేదు. వాళ్ళకి దుప్పటి చేరింది, హాయిగా కప్పుకుని పడుకున్నారు. నొక్కేసింది వాళ్ళ డబ్బు కానే కాదు.

"కొత్త ఆర్డరులో బ్యాంకు లావాదేవీ సంఖ్య రాయాల్సిన గడి ఒకటుంది. ఫోటోలో ఆ సంఖ్య ఉంటుంది. చూసి రాయొచ్చుగా?"

"రాస్తున్నాగా! ఖాళీగా వదిలితే ముందుకెళ్ళదు."

చూసింది. ఇరవై ఆరింటిలోనూ ఆ గడిలో ఒకటే ఉంది: 1111.

"పన్నెండు అంకెలు కొట్టే ఓపిక ఎవరికుంటుందక్కా? నాలుగు ఒకట్లు చాలు, వదిలేస్తుంది" అన్నాడు తేనెగొంతు, చిన్నపిల్లాడి ముద్దుపలుకు చెప్పినట్టు.

"ఆ రెండింటికి అరవై చొప్పున తేడా?"

"రవాణా ఖర్చు తీసేశాను. తిడుతుంటే జాలేసింది."

"మరి ఈ ఆఖరుదానికి అసలు డబ్బే రాలేదు. బ్యాంకు వాడు రెండు రోజుల్లో వాళ్ళ ఖాతాకే తిరిగి వేసేసినట్టుంది. ఫోటో చూసి సరుకు పంపేశావు."

"ఫోటోలో కట్ అయిందక్కా! దేవుడి సాక్షి!"

"నీ ఫోటోకి దేవుడు సాక్షి, దేవుడికి నువ్వు సాక్షి. మధ్యలో కోత పిన్నికి."

అతను నవ్వాడు. పళ్ళలో ఏదో ఇరుక్కుంటే అగ్గిపుల్లతో తీసుకుంటూ నవ్వాడు. ఇతను చెడ్డవాడు కాదు. అదే మరీ అసహ్యం. చెడ్డవాడైతే కనీసం శ్రద్ధ ఉండేది.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పింది. ఆమె భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. చేతులకి గ్రీజు తుడుచుకుంటూ అంతా విని, "అద్దె కట్టాల్సింది వచ్చే వారం. అది గుర్తుపెట్టుకుని ఏం మాట్లాడాలో మాట్లాడు" అన్నాడు. గుడ్డ పక్కన పడేసి, "మాట్లాడకుండా మాత్రం రాకు. వస్తే ఇల్లంతా సణుగుతావు, నేను పడలేను" అన్నాడు. కాపురంలో ధైర్యం చెప్పడమంటే ఇంతకన్నా ఎక్కువ ఆశించకూడదు.

శుక్రవారం సారు గదిలోకి ఒకే కాగితం పట్టుకుని వెళ్ళింది. రెండు జాబితాలూ ఈసారి ఒకే కాగితం మీద ఉన్నాయి. ఎడమ డబ్బు లేని పార్శిలు, కుడి ఊరు లేని డబ్బు, మధ్యలో చుక్క.

సారు చాలాసేపు చూశాడు. తెలివైనవాడే. మూడో గీత దగ్గరే అర్థమైంది, ఇరవై ఆరో గీత దాకా చదువుతున్నట్టు నటించాడు.

"అంటే ఎనిమిది నెలలు నీ పని నువ్వు సరిగ్గా చేయలేదన్నమాట" అన్నాడు చివరికి.

"అవును సార్."

ఆ జవాబు అతను ఊహించలేదు. కుర్చీలో కదిలాడు. "ఒప్పుకున్నందుకు సంతోషం. అయినా ఇతర ఆదాయం అని చూపించి పన్ను కూడా కట్టేశానమ్మా. ఇప్పుడెలా వెనక్కి తీస్తాం?"

"రాత తప్పయితే దిద్దే రాత ఉంటుంది సార్. ఇతర ఆదాయం తగ్గించి, ఆ ఆర్డర్ల ఖాతాలో వేస్తాను. పన్ను సంగతి ఆడిటరు గారు చూసుకుంటారు. అది కష్టం కాదు."

"మరి కష్టమేది?"

"ఈ డబ్బు మీకు రెండుసార్లు వచ్చింది సార్. బ్యాంకు నుంచి ఒకసారి, పిన్ని జీతంలోంచి ఒకసారి."

సారు బల్ల మీద కుటుంబం ఫోటో ఉంది. అందులో తేనెగొంతు కూడా పళ్ళన్నీ బయటపెట్టి ఉన్నాడు.

"చూడమ్మా, మనమంతా ఒక కుటుంబం."

"అందుకే కాబోలు సార్, బావమరిది తప్పు చేస్తే పిన్ని కట్టింది."

సారు మొహం ఎర్రబడింది. "నోరు జాగ్రత్త. నెలవారీ సరిచూపు పత్రం మీద సంతకం పెట్టి వెళ్ళు. రేపు బ్యాంకుకి ఇవ్వాలి, అప్పు పరిమితి పొడిగింపు ఉంది."

"పెట్టలేను సార్. ఆదాయం కాని దాన్ని ఆదాయమని రాసి ఉంది. తప్పని తెలియక ఎనిమిది సార్లు పెట్టాను. తెలిసి తొమ్మిదోసారి పెట్టలేను."

ఆమె గట్టిగా అనలేదు. వీరత్వం ఏమీ లేదందులో. డిపోలో సంచీ తూకం తగ్గితే ఎంత పెద్ద కండక్టరైనా "తగ్గింది" అని రాసేది. అదే అలవాటు. సారు ఆమెని తిట్టడానికి నోరు తెరిచాడు, బ్యాంకు గుర్తొచ్చి మూశాడు. దొంగకి తేలు కుట్టినట్టు, మంట ఉంది, అరవడానికి లేదు.

శనివారం పదకొండింటికి పార్శిల్ గదిలో అందర్నీ సమావేశపరిచారు. పిన్ని మంచి చీర కట్టుకుని వచ్చింది. దొంగ అనిపించుకోవాల్సి వస్తే మంచి చీరలోనే అనిపించుకుందామని వచ్చానని ఆమే తర్వాత చెప్పింది. సారు దూది ఎగురుతున్న గాలిలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మన కుటుంబంలో ఒక సోదరి ఆర్థికంగా ఇబ్బంది పడుతోంది. యాజమాన్యం తన వంతు చేయూతగా నెలకి మూడు వేల చొప్పున సాయం అందించాలని నిర్ణయించింది. ఆమె ఇక్కడే కొనసాగుతుంది. అందరూ ఒకసారి చప్పట్లు!"

చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా తేనెగొంతు కొట్టాడు. అతని కళ్ళు చెమర్చాయి కూడా, ఆ మనిషి ఏ సభలోనైనా చెమర్చగలడు. జీతంలోంచి కోసిన సొమ్ముని జీతం మనిషికే భిక్షగా వేసి, వేసినందుకు చప్పట్లు అడగడం! చుక్కలక్కకి తూములో జిగురు గుర్తొచ్చింది. కొందరి దానధర్మాలకి కూడా ఆ రంగే ఉంటుంది. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. పిన్ని మాత్రం చప్పట్లు కొట్టింది.

"నువ్వు కూడానా పిన్నీ?" అంది బయటికొచ్చాక, అసహ్యం దాచుకోకుండా.

"కొట్టకపోతే రెండు వేలు చేసేవాడు" అంది పిన్ని. "నువ్వు చుక్కలు పెట్టు. నేను చప్పట్లు కొడతాను. ఎవరి పని వాళ్ళు చేస్తేనే డబ్బొస్తుంది."

మధ్యాహ్నం చుక్కలక్క దిద్దే రాతలు రాసింది. ఎనిమిది నెలల ఇతర ఆదాయం తీసేసి ఆర్డర్లకి జమ వేసింది. సాయం అన్న మాట పుస్తకంలో ఎక్కడా రాలేదు. "ఉద్యోగికి చెల్లించవలసినది" అని కొత్త ఖాతా తెరిచి, పిన్ని పేరున మొత్తం నిలవ చూపించింది. అసలు డబ్బు రాని ఆ ఒక్క పార్శిలు ఖరీదు రెండు వేల రెండు వందల అరవై. దాన్నీ అందులోనే కలిపింది, ఎందుకంటే వదిలిన తప్పు పిన్నిది కాదు. సంస్థ నష్టం కింద రాసింది. సారు ఆ కాగితం చూసి, బ్యాంకు వాళ్ళు కింద కూర్చున్నారు కాబట్టి, ముద్ర వేశాడు. అప్పుడు ఆమె సంతకం పెట్టింది. అరవై చొప్పున ఎక్కువ కట్టిన ఆ ఇద్దరికీ నూట ఇరవై వెనక్కి పంపమంటే మాత్రం "చూద్దాం" అన్నాడు. అది అనామతులోనే ఉంది.

ఇప్పుడు ఆమె గడులేవీ మూయదు. కాగితం చాలకపోతే రెండు కాగితాలు అంటిస్తుంది. పార్శిల్ గది టేపుతోనే. తేనెగొంతు 1111 కొట్టడం మానేశాడు. 1234 కొడుతున్నాడు. ప్రతి పొద్దునా ఆమె పక్క గదిలోకి వెళ్ళి, ఫోటో తెరిపించి, అతని వేలు పట్టుకున్నంత పని చేసి పన్నెండంకెలూ కొట్టిస్తుంది. తిరిగొచ్చి చేతులు కడుక్కుంటుంది. అతన్ని ముట్టుకున్నదీ లేదు, డబ్బుని ముట్టుకున్నదీ లేదు. అయినా కడుక్కుంటుంది.

మూడు నెలలు గడిచాయి. పిన్నికి అందినవి తొమ్మిది వేలు. ఇంకా రావాల్సినవి ముప్పై రెండు వేల ఎనిమిది వందల అరవై.